ఏడు రూపాయలతో తిరిగే చక్రం

ఫ్రీ ఫైర్ ఆడే పిల్లలకు ‘ఫేడెడ్ వీల్’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియాల్సింది ఇంట్లో పెద్దవాళ్లకే. ఆటలో అప్పుడప్పుడూ ప్రత్యక్షమయ్యే ఆ చక్రంలో పది బహుమతులు ఉంటాయి. ఒకటి మెరిసిపోతూ నడుమ కనిపిస్తుంది. అది కొత్త డ్రెస్సు కావచ్చు, తుపాకీకి తొడిగే రంగుల స్కిన్ కావచ్చు, గెలిచాక మన బొమ్మ వేసే స్టెప్పు కావచ్చు. మిగతావి చిన్నా చితకా వస్తువులు. వాటిలో అక్కర్లేని రెండింటిని ఆటగాడే తీసేయొచ్చు. ఎనిమిది మిగులుతాయి. ఇక చక్రం తిప్పడమే.

మొదటిసారి తిప్పడానికి 9 డైమండ్లు. డైమండ్ అంటే ఆ ఆటలో చెల్లే డబ్బు. మన దేశంలో చాలాకాలం నడిచిన ధర ప్రకారం 100 డైమండ్లు 80 రూపాయలు. అంటే మొదటి స్పిన్‌కి పడేది ఏడు రూపాయల చిల్లర. చాక్లెట్ డబ్బులు. ఒకసారి వచ్చిన వస్తువు మళ్లీ రాదు కాబట్టి ఎనిమిది స్పిన్‌లలోపు పెద్ద బహుమతి వచ్చి తీరుతుంది. వినడానికి ఇంత న్యాయమైన బేరం మరొకటి లేదనిపిస్తుంది.

కాకపోతే రెండో స్పిన్ ధర 9 కాదు, 19. మూడోది 39. ఆ తర్వాత 69, 99, 149, 199. ఎనిమిదోది 499. ఈ చక్రాల్లో తరచూ కనిపించిన ధరల వరుస ఇది. అన్నీ కూడితే 1082 డైమండ్లు. ఇందులో దాదాపు సగం ఒక్క చివరి స్పిన్‌దే.

వీడియో గేముల్లో ‘లూట్ బాక్స్’ అని పిలిచే వ్యాపారానికి ఇది ఒక రూపం. లోపల ఏముందో తెలియని పెట్టెను డబ్బిచ్చి తెరవడం దాని అసలు రూపం. బీజీఎంఐలో దాన్ని క్రేట్ అంటారు, ఫుట్‌బాల్ ఆటల్లో ప్యాక్ అంటారు, జపాన్ తరహా ఆటల్లో గాచా అంటారు. ఒకప్పుడు బడి ముందు బడ్డీకొట్టులో వేలాడిన లాటరీ అట్ట గుర్తుందా? రూపాయి ఇచ్చి చీటీ చింపితే ఏ నంబరు వస్తే ఆ బొమ్మ. పెద్ద బొమ్మ మాత్రం అట్ట పైనే ఊరిస్తూ ఉండేది. ఇప్పటి పెట్టె పనిచేసే తీరు అదే. అయితే ఆ అట్టకు యాభయ్యో వందో చీటీలతో అంతం ఉండేది. దీనికి లేదు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థం కావాలంటే ఫేడెడ్ వీల్‌నే కాస్త విప్పి చూడాలి. ఎనిమిది వస్తువులకూ సమాన అవకాశం ఉందనుకుందాం. అప్పుడు మొదటి నాలుగు స్పిన్‌లలో, అంటే 136 డైమండ్లలోపే, పెద్ద బహుమతి రావడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. అందరి ఖర్చూ కలిపి సగటు తీస్తే మనిషికి సుమారు 315 డైమండ్లు తేలుతుంది. చక్రం చూడగానే పిల్లల మనసులో పడే లెక్క ఇలాంటిదే. గుండ్రటి చక్రంలో ఎనిమిది గళ్లు సమానంగా కనిపిస్తుంటే అవకాశాలూ సమానమే అనుకోవడం సహజం.

గళ్లు సమానంగా ఉన్నంత మాత్రాన అవకాశాలు సమానంగా ఉండవు. ప్రతి వస్తువుకూ కంపెనీ ఒక శాతం నిర్ణయిస్తుంది. పెద్ద బహుమతికి తక్కువ, చిన్నవాటికి ఎక్కువ. లెక్క కోసం పెద్ద బహుమతి అవకాశం నూటికి 1 అనీ, మిగతా 99ని ఏడు వస్తువులూ సమానంగా పంచుకున్నాయనీ అనుకుందాం. అప్పుడు ఏమవుతుంది? ప్రతి స్పిన్‌కీ ఒక చిన్న వస్తువు రాలిపోతూ ఉంటే మిగిలినవాటి వాటా కొంచెం కొంచెం పెరుగుతుంది. అయినా ఏడు స్పిన్‌లు దాటేవరకూ పెద్ద బహుమతి బయటపడకపోయే అవకాశం 80 శాతం పైనే. ఇలాంటి చక్రం తిప్పే ప్రతి అయిదుగురిలో నలుగురు చివరి స్పిన్ దాకా వెళ్తారన్నమాట. ‘ఎనిమిదిలోపు గ్యారంటీ’ అన్న మాటలో అబద్ధం లేదు. ఎక్కువమందికి అది ‘ఎనిమిదోసారి గ్యారంటీ’ కావడమే కిటుకు.

ఏడు స్పిన్‌లు అయ్యేసరికి 583 డైమండ్లు పోయి ఉంటాయి. ఇప్పుడు చక్రంలో మిగిలింది ఒక్కటే వస్తువు, దాని ధర 499. ఇక్కడ అదృష్టంతో పనే లేదు. మామూలు దుకాణంలో కొన్నట్టే కొనుక్కోవడం. పన్నెండేళ్ల పిల్లాడి ముందు ఇప్పుడున్న దారులు రెండు. ఇక్కడితో ఆపేసి 583 డైమండ్లు వదులుకోవడం, లేదా మరో 499 పెట్టి డ్రెస్సు తెచ్చుకోవడం. మొదట్లోనే ‘ఈ డ్రెస్సు 1082 డైమండ్లు’ అని అట్ట కట్టి ఉంటే అదే పిల్లాడు మొహం తిప్పుకొని వెళ్లిపోయేవాడు. ఏడు రూపాయలకు ఊ అన్నవాణ్ని మెట్టుమెట్టుగా అక్కడికి తీసుకెళ్లడమే ఆ ధరల వరుస చేసే పని. పోయిన డబ్బు ఎక్కడ వృథా అవుతుందోనని మరింత డబ్బు పెట్టడం పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటే. పేకాట బల్ల దగ్గర కూర్చున్నవాళ్లను లేవనివ్వనిది కూడా అదే.

డైమండ్ల అమ్మకంలో మరో మెలిక ఉంది. కావలసినన్ని కొనుక్కోవడం కుదరదు, కట్టలుగానే అమ్ముతారు. 80 రూపాయలకు 100, 800 రూపాయలకు 1060 అన్న పాత ధరలనే తీసుకుందాం. చక్రం పూర్తి కావడానికి 1082 కావాలి. పెద్ద కట్ట కొన్నా 22 తక్కువ. ఆ 22 కోసం మరో వంద కొనాలి. మొత్తం 880 రూపాయలు. డ్రెస్సు వచ్చాక ఖాతాలో 78 డైమండ్లు మిగులుతాయి. వాటితో బయట కొనగలిగేది ఏమీ లేదు, వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవడమూ కుదరదు. వచ్చే వారం కొత్త చక్రం వస్తే మాత్రం మొదటి మూడు స్పిన్‌లకు 67 చాలు. ‘డబ్బులు పెట్టట్లేదు నాన్నా, ఉన్న డైమండ్లతోనే తిప్పుతున్నా’ అని పిల్లాడు అనగలిగేది అందుకే.

రూపాయిని డైమండ్‌గా మార్చడం వల్ల ఖర్చు కంటికి ఆనకుండా పోతుంది. కొన్ని ఆటలు ఈ మార్పిడిని ఒక్కసారితో ఆపవు. ప్రపంచమంతా ఆడే గెన్షిన్ ఇంపాక్ట్‌లో డబ్బుతో ఒక రకం స్ఫటికాలు కొనాలి, వాటిని ఇంకో రకం రత్నాలుగా మార్చాలి, 160 రత్నాలకు ఒక ‘విష్’ కొనాలి. ఆ విష్ తెరిస్తే అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం నూటికి 0.6. తొంభయ్యోసారికి మాత్రం ఏదో ఒక అయిదు నక్షత్రాల పాత్ర తప్పక వస్తుంది. అది మనం కోరుకున్నదే అవుతుందన్న హామీ లేదు. ఇన్ని మార్పిడుల తర్వాత ఒక బొమ్మకు ఎన్ని డాలర్లు అయ్యాయో పెద్దవాళ్లే కాగితం మీద లెక్క వేసుకోవాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం కూడా అదే. పిల్లలను తప్పుదారి పట్టించారన్న ఆరోపణపై ఆ గేము కంపెనీ 2025 జనవరిలో 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పదహారేళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకూడదన్నది ఆ ఒప్పందంలో ఒక షరతు. రత్నాలతో పని లేకుండా నేరుగా డాలర్లలో కొనే వీలు ఇవ్వాలన్నది మరొకటి.

పెట్టె తెరిచే ఆ రెండు క్షణాలను కూడా ఎంతో శ్రద్ధగా తయారుచేస్తారు. వెలుగులు, చప్పుడు, మెల్లగా ఆగే చక్రం, పెద్ద బహుమతికి వెంట్రుకవాసిలో నిలిచే ముల్లు. అది దగ్గరికి వచ్చి ఆగినా దూరంగా ఆగినా ఫలితం ఒకటే. మనసుకు మాత్రం ‘కొద్దిలో తప్పిపోయింది’ అనిపిస్తుంది. ప్రతిసారీ బహుమతి వస్తే కొన్నాళ్లకు విసుగొస్తుంది, ఎప్పుడూ రాకపోతే మానేస్తాం. ఎప్పుడొస్తుందో తెలియకుండా వస్తుంటేనే వదలబుద్ధి కాదు. మనస్తత్వవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో చూసింది ఇదే. క్యాసినోల్లో స్లాట్ యంత్రాలు నడిచేదీ ఈ సూత్రం మీదే.

మరి లూట్ బాక్సులు తెరిచే పిల్లలు జూదగాళ్లు అవుతారా? అలా అనడానికి ఆధారాలు చాలవు. బ్రిటన్ పరిశోధకులు డేవిడ్ జెండిల్, పాల్ కెయిర్న్స్ 2018లో 7,422 మంది గేమర్లను అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. జూదం సమస్య ఎంత తీవ్రంగా ఉంటే లూట్ బాక్సుల మీద ఖర్చు అంత ఎక్కువగా ఉందని తేలింది. ఆ తర్వాత వచ్చిన పలు అధ్యయనాల్లోనూ ఆ సంబంధం కనిపించింది. అయితే ఏది దేనికి కారణమో వాటి నుంచి చెప్పలేం. పెట్టెలు అలవాటై జూదంలోకి వెళ్తున్నారా, లేక జూదం వైపు మొగ్గే మనుషులే పెట్టెలకు ఎక్కువ తగలేస్తున్నారా? రెండో మాటే నిజమనుకున్నా తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకోవడానికి లేదు. తన్ను తాను ఆపుకోలేని పిల్లవాడి దగ్గరే ఈ పెట్టెలు ఎక్కువ డబ్బు గుంజుతున్నాయని దాని అర్థం.

ఇంత చూశాక దీన్ని జూదమని నిషేధించరేం అనిపించవచ్చు. చట్టాలు జూదాన్ని పట్టుకునే తీరులోనే చిక్కు ఉంది. పందెం పెట్టాలి, ఫలితం అదృష్టం మీద ఆధారపడాలి, గెలిస్తే డబ్బో డబ్బు విలువ చేసేదో రావాలి. మొదటి రెండూ లూట్ బాక్సులో ఉన్నాయి. మూడోదాని దగ్గరే వాదన. ఫ్రీ ఫైర్ డ్రెస్సును ఆటలో ఎవరికీ అమ్ముకోలేం కాబట్టి దానికి డబ్బు విలువ లేదన్నది కంపెనీల మాట. కౌంటర్ స్ట్రైక్ సంగతి వేరు. అక్కడ పెట్టెలోంచి వచ్చిన కత్తిని అమ్ముకోవడానికి బజారే ఉంది. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో ఈ తేడాను పక్కన పెట్టి, అమ్ముకునే వీలున్నా లేకున్నా డబ్బిచ్చి తెరిచే ఇలాంటి పెట్టె జూదమేనని తేల్చింది. మరుసటి ఏడాది ఈఏ కంపెనీ ఆ దేశంలో ఫీఫా ప్యాక్‌లు కొనే పాయింట్ల అమ్మకం ఆపేసింది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో కథ అడ్డం తిరిగింది. అదే కంపెనీకి వేసిన కోటి యూరోల జరిమానాను అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2022లో కొట్టేసింది.

మన దగ్గర ఆన్‌లైన్ రమ్మీ లాంటి పందెపు ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు కట్టి, తిరిగి డబ్బో మరో లాభమో వస్తుందన్న ఆశతో ఆడే ఆటలను అది నిషేధిస్తుంది. లూట్ బాక్సు పేరు ఆ చట్టంలో ఎక్కడా లేదు. కాబట్టి ‘డబ్బాటలన్నీ ప్రభుత్వం ఆపేసిందిగా’ అన్న ధీమా పనికిరాదు. ఫ్రీ ఫైర్ మీద 2022 ఫిబ్రవరిలో నిషేధం వచ్చింది కూడా చక్రాల వల్ల కాదు, చైనా సంబంధాలున్న యాప్‌ల మీద దేశభద్రత కారణంగా తీసుకున్న చర్యలో భాగంగా. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ పేరుతో ఉన్న రెండో యాప్ ఆ తర్వాతా దొరికింది. బీజీఎంఐ 2021లో వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల ఖర్చుకు తనంతట తానే ఒక హద్దు పెట్టుకుంది. ఆ హద్దు రోజుకు 7,000 రూపాయలు.

కనుక హద్దు ఇంట్లోనే గీయాలి. ముందు చూడాల్సింది ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే Payments & subscriptions అని వస్తుంది. అందులో Budget & history చూస్తే ఏ తేదీన ఏ గేముకు ఎంత కట్టారో వరుసగా ఉంటుంది. పెద్ద మొత్తం ఒక్కటి కనిపించడం అరుదు. 80, 80, 240, 80 అంటూ ఒకే సాయంత్రం నాలుగైదుసార్లు పడి ఉంటే అది చక్రం తిప్పిన గుర్తు. తెలిసిన ధరకు ఒక వస్తువు కొన్నవాళ్లు ఇలా చిన్న చిన్న ముక్కలుగా కట్టరు.

ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోనే పెట్టొచ్చు. ఐఫోన్లో అయితే Screen Timeలోకి వెళ్లి యాప్ లోపలి కొనుగోళ్లను పూర్తిగా ఆపేయొచ్చు. ఇవి తప్పక చేయాల్సినవే, కానీ దొడ్డిదారి ఒకటి ఉంది. గూగుల్ ప్లే రీచార్జ్ కోడ్‌ను ఫోన్‌పేలోనో పేటీఎంలోనో కొనుక్కోవచ్చు. గేము ఐడీ చెబితే డైమండ్లు వేసే టాప్-అప్ వెబ్‌సైట్లూ ఉన్నాయి. ఆ దారిలో పోయిన డబ్బు ప్లే స్టోర్ తాళానికి చిక్కదు. యూపీఐ యాప్ చరిత్రలోనో బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో వెతకాలి. చాలా ఇళ్లలో అమ్మ ఫోన్ రీచార్జ్ చేసిపెట్టేది, నాన్న కరెంటు బిల్లు కట్టిపెట్టేది పిల్లలే కాబట్టి యూపీఐ పిన్ వాళ్లకు నోటికి వచ్చి ఉంటుంది. పిన్ మార్చడం రెండు నిమిషాల పని. బ్యాంకు మెసేజ్‌లు ఫోన్లోంచి మాయమవుతున్నాయంటే ముందుగా చూడాల్సింది ఇదే.

మొత్తంగా అన్నీ నిషేధిస్తే పదమూడేళ్ల పిల్లాడు స్నేహితుడి ఫోన్ వెతుక్కుంటాడు. అంతకంటే ఒక గీత గీయడం మేలు. ఏమొస్తుందో, ఎంతవుతుందో ముందే తెలిసినది అడిగి కొనుక్కోవచ్చు. స్టోర్లో ధర రాసి ఉన్న డ్రెస్సు, ఏయే బహుమతులున్నాయో చూపించే నెలవారీ పాస్ ఇటువైపు వస్తాయి. చక్రాలు, క్రేట్లు, ప్యాక్‌లు అటువైపు. ఇప్పటికే చక్రం రుచి చూసిన పిల్లాడైతే పక్కన కూర్చోబెట్టుకుని కాగితం పెన్ను ఇచ్చి, ఎనిమిది స్పిన్‌ల ధరలూ వాడిచేతే కూడించాలి. ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మార్పించాలి. చక్రం మీద అవకాశాల శాతాలు చూపించే బటన్ ఉంటే అదెక్కడుందో వాణ్నే అడగాలి. ఆపిల్ 2017 చివరి నుంచి, గూగుల్ 2019 నుంచి ఈ శాతాలు వెల్లడించాలని గేము కంపెనీలకు నిబంధన పెట్టాయి. అవి ఉంటాయి, ఎవరూ నొక్కని మూల ఉంటాయి.

డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకూడదు. ప్లే స్టోర్‌లో కొన్నదైతే 48 గంటల్లోపు రిఫండ్ అడగడం తేలిక. మీకు తెలియకుండా జరిగిన కొనుగోలైతే 120 రోజుల్లోపు గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆపిల్‌కైతే reportaproblem.apple.com అనే పేజీ ఉంది. కొన్నది మైనర్ అన్న సంగతి అందులో స్పష్టంగా రాయాలి. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. దీన్నిబట్టి డబ్బు తప్పక తిరిగొస్తుందని కాదు, అడగడానికి బలం మాత్రం వస్తుంది. ఇక ఇంట్లో డబ్బు మాయమవుతున్నా, ఆపలేకపోతున్నానని పిల్లాడే ఏడుస్తున్నా అది తిట్లతో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.